ఇంట్లో పదే పదే ఆఫీసులోని ఒకరి పేరే వినిపిస్తుంటే: అనుమానం దాకా పోకుండా తూచి చూడటం ఎలా?

అన్నం దగ్గర కూర్చుంటే ఆ పేరే, కారెక్కితే ఆ పేరే, ఆదివారం టిఫిన్ తింటున్నా ఆ పేరే. భర్త నోట కావచ్చు, భార్య నోట కావచ్చు, ఆఫీసులో ఒకే ఒక్క మనిషి ప్రస్తావన పదే పదే వస్తుంటే వినేవాళ్ళకి ఎక్కడో కలుక్కుమంటుంది. అది తప్పేమీ కాదు. ఆ కలుక్కుమన్న దాన్ని పట్టుకుని అదే రాత్రి నిలదీయడం, లేదా ఏమీ అనకుండా నెలల తరబడి లోపలే మరగబెట్టుకోవడం, ఈ రెండూ ఇబ్బందే. మధ్యలో చేయదగిన పని ఉంది. దానికి కొన్ని వారాలు పడుతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. మాధవి మియాపూర్‌లో స్కూల్ టీచర్. భర్త రాజేష్‌ది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలలుగా అతని మాటల్లో ప్రత్యూష అనే టీమ్‌మేట్ పేరు తెగ దొర్లుతోంది. (పేర్లు, అంకెలు విషయం అర్థం కావడానికి కల్పించినవే.)

1. రెండు వారాలు వినండి, అన్ని పేర్లూ లెక్కపెట్టండి

ఒక పేరు మీద చెవి పడ్డాక అది ఇరవై సార్లు వినిపించినట్టు అనిపిస్తుంది, మిగతా పేర్లు గాలికి పోతాయి. మనసు చేసే ఈ మాయకి విరుగుడు ఒకటే: ఆ పేరుతో పాటు మేనేజర్ పేరు, పక్క సీటు అతని పేరు, క్లయింట్ పేరు కూడా గమనించడం. ఎన్నిసార్లన్నది ఒక్కటే సరిపోదు. ఏ సందర్భంలో వచ్చింది, సరిగ్గా ఏమన్నారు, విన్నప్పుడు మీకేమనిపించింది అన్నవి కూడా ఒక్కో ముక్కలో రాసుకోండి. «ఆమె గురించి మురిసిపోతూ చెప్పాడు» అని రాస్తే అది మీ తీర్పు. «ప్రత్యూష రాత్రి రెండింటి దాకా కూర్చుని బగ్ పట్టుకుందట» అని రాస్తే అది అతని మాట. కాగితం మీద తీర్పు ఉండకూడదు.

మాధవి లెక్కలో రెండు వారాల్లో ప్రత్యూష పేరు పన్నెండు సార్లు వచ్చింది. మేనేజర్ పేరు తొమ్మిది, సురేష్ అనే మరో టీమ్‌మేట్ పేరు అయిదు. అంటే ఎక్కువే, కానీ ఆమె అనుకున్నంత ఒంటరి పేరు మాత్రం కాదు. ఆ పన్నెండులో ఎనిమిది సాఫ్ట్‌వేర్ రిలీజ్ గొడవలు, రెండు క్యాంటీన్ కబుర్లు. మిగిలిన రెండూ పోలికలు. పిల్లాడి స్కూల్ ఫీజు గడువు గురించి మాధవి హడావుడి పడితే, «ప్రత్యూష అయితే ఇలాంటివి అస్సలు పట్టించుకోదు తెలుసా» అన్నాడు రాజేష్. ఆ వారమంతా ఆమెకి ముల్లులా గుచ్చుకున్నది ఈ మాటే. మిగతా పదిసార్లు వినిపించిన పేరు ఆ గాయం మీద పడుతూ వచ్చింది.

రాసుకోవడం చాలామందికి ఈ తేడా చూపిస్తుంది, అందుకే చెప్తున్నాం. కానీ రెండు వారాలు కాగానే ఆపేయాలి. విషయం తేలాక ఆ కాగితం చింపేయండి. ఆరు నెలలు రాస్తే అది సాక్ష్యాల ఫైలు అవుతుంది. అది అవతలివాళ్ళ కంటపడితే, అసలు విషయం పక్కకి పోయి ఆ ఫైలే గొడవ అవుతుంది.

2. ఆఫీసు క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి

ఆ పేరు ఎప్పటి నుంచి మొదలైంది? అప్పుడే ఆఫీసులో ఏం మారింది? కొత్త ప్రాజెక్టు, సీటు మార్పు, ఒకే క్యాబ్ రూటు, నైట్ షిఫ్ట్, బ్యాంకులో అయితే మార్చి 31 ముందు క్లోజింగ్ హడావుడి. ఇద్దరికి కలిపి ఒకే పని అంటగడితే రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు ఆ మనిషితోనే గడుస్తుంది. ఇంటికొచ్చి ఆఫీసు కబుర్లు చెప్తుంటే ఆ పేరు రాక తప్పదు. రాజేష్, ప్రత్యూష ఒకే మాడ్యూల్ మీద ఉన్నారు, రిలీజ్ ఈ నెల 20న. మరైతే 20 దాటిన మూడు వారాల్లో ఆ పేరు తగ్గాలి. తగ్గితే లెక్క సరిపోయింది. తగ్గకపోతే తప్పు జరిగినట్టు కాదు, పనివల్లే అన్న వివరణ ఒక్కటీ చాలదని మాత్రమే.

3. ఎన్నిసార్లన్నది కాదు, కిటికీ ఎటు తెరిచి ఉందో చూడండి

దాంపత్యంలో నమ్మకద్రోహం మీద చాలాకాలం పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు షెర్లీ గ్లాస్ దీన్ని కిటికీలు, గోడలతో పోల్చి చెప్పింది. భార్యాభర్తల మధ్య కిటికీ తెరిచి ఉండాలి, బయటి మనిషికీ ఈ జంటకీ మధ్య గోడ ఉండాలి. పరిస్థితి తిరగబడి, బయటివాళ్ళ వైపు కిటికీ, ఇంట్లోవాళ్ళ వైపు గోడ లేస్తే అప్పుడు ఆలోచించాలి.

ఈ కొలతతో చూస్తే, పేరు పైకి చెప్పడం కిటికీ తెరిచి ఉందనడానికే గుర్తు. దాచాలనుకున్నవాళ్ళు సాధారణంగా పేరే ఎత్తరు. అయితే ఇది కూడా పూర్తి భరోసా కాదు. మొదట్లో స్నేహమే అనుకుని మనసు అటు లాగుతున్నవాళ్ళు, తమకే తెలియకుండా ఆ పేరును మాటల్లోకి తెస్తూ ఉంటారు. కాబట్టి పేరుతో పాటు ఏమి వస్తోందో చూడాలి. ఆ మనిషి పెళ్ళి, పిల్లలు, ఊరు, చిరాకులు మీకూ తెలుస్తున్నాయా? టీమ్ లంచ్‌కో, ఎవరింట్లోనో గృహప్రవేశానికో మిమ్మల్నీ తీసుకెళ్ళి పరిచయం చేయడానికి జంకు లేదా? ఇవి ఉంటే కిటికీ తెరిచే ఉంది.

మరోవైపు చూడాల్సింది ఒక్కటే, కానీ అది బరువైనది: మీ ఇంటి సంగతులు అటు పోతున్నాయా? మీ ఇద్దరి మధ్య జరిగిన గొడవ, అత్తగారితో పేచీ, డబ్బు ఇబ్బంది మీతో మాట్లాడకముందే అక్కడ చెప్పుకుని ఊరట పొందుతుంటే, అక్కడ ఇంకేమీ జరగకపోయినా సరే, అది కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

4. మీ వైపు ఏముందో కూడా చూసుకోండి

ఇది మీ మీద తప్పు వేయడానికి కాదు. కాన్పు అయిన ఏడాది, ఉద్యోగం పోయిన నెలలు, ఇంట్లో పెద్దవాళ్ళ ఆసుపత్రి రోజులు, గతంలో ఒకసారి నమ్మకం దెబ్బతిన్న అనుభవం, వీటిలో ఏదున్నా అదే మాట రెండింతలు గుచ్చుకుంటుంది. ఇంకొకటి, మెచ్చుకుంటున్న గుణమేదో చూడండి. «ఆమె బాగా వింటుంది», «అతను భలే నవ్విస్తాడు» అని మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఆ మనిషి సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో కరువైనదేదో ఆ మాటల్లో బయటపడుతూ ఉండొచ్చు.

5. ఒక్క విషయమే పట్టుకుని మాట్లాడండి

రాత్రి పదకొండుకి వద్దు. ఆఫీసు నుంచి చెప్పులు విడుస్తుండగా వద్దు. అత్తమామలు, పిల్లలు వినేచోట అసలే వద్దు. శనివారం పొద్దున కాలనీలో నడకకి వెళ్ళినప్పుడు బాగుంటుంది. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి ముఖంలోకి ఒకరు చూసే ఒత్తిడి ఉండదు.

మొదటి మాట ఎలా వస్తే మొత్తం అలాగే సాగుతుంది. «అసలెవరా ప్రత్యూష?» అని మొదలైతే అతను బోనులో నిలబడ్డట్టే, ఇక సమాధానాలు రావు, వాదనలే వస్తాయి. «మా అక్క కూడా అంది, నిప్పు లేనిదే పొగ రాదట» అంటే ఇంకా నాశనం, ఎందుకంటే ఇప్పుడు గొడవలోకి అక్క కూడా వచ్చింది. మాధవి ఇలా అనొచ్చు:

«రాజేష్, ఒక పది నిమిషాలు మాట్లాడాలి, పెద్ద గొడవేం కాదు. మొన్న ఫీజు విషయంలో నేను కంగారు పడితే ప్రత్యూష అయితే పట్టించుకోదు అన్నావు. మనసు చివుక్కుమంది. నన్ను ఎవరితోనూ అలా పోల్చకు. ఈమధ్య ఆమె పేరు ఎక్కువగా వింటున్నాను, నాకు కొంచెం ఇబ్బందిగానూ ఉంది. మీ ఇద్దరి పని ఏంటి, ఆమె ఎలాంటి మనిషి, నాకూ చెప్పు.»

ఇందులో జరిగింది ఉంది, తనకేమనిపించిందో ఉంది, కావాల్సింది ఉంది. నేరం మోపడం లేదు. అలాగని అబద్ధమూ లేదు. ఇబ్బందిగా ఉన్నా «ఊరికే అడిగాను» అంటే గొంతులోనే తెలిసిపోతుంది.

ఇక వినాలి. మొదట కాస్త చిరాకు పడటం తప్పు చేసినదానికి రుజువు కాదు. ఏ తప్పూ లేనివాళ్ళకీ ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది. చిరాకు తగ్గాక ఏం చేస్తారన్నదే చూడాలి. వివరం చెప్తున్నారా, మీ మాటలో బాధ అందుకున్నారా, లేక «నీకు పిచ్చి పట్టింది» అంటూ ప్రతిసారీ మాట దాటేస్తున్నారా? గొంతులు పెరిగితే అక్కడే ఆపి కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండండి. ఒంట్లో ఎక్కిన ఆవేశం దిగడానికి ఆ మాత్రం పడుతుంది. «టీ తాగాక మళ్ళీ మాట్లాడదాం» అని సమయం చెప్పి వెళ్ళాలి, లేకపోతే అలిగి వెళ్ళిపోయినట్టు అవుతుంది.

అడగదగినవి చిన్నవిగా ఉండాలి: పోలికలు మానడం, మన గొడవలు అక్కడ చెప్పకపోవడం, రాత్రి పడుకునే వేళ పని లేని చాటింగ్ తగ్గించడం, ఒకసారి టీమ్‌వాళ్ళని పరిచయం చేయడం. టీమ్ మార్చుకో, నంబర్ బ్లాక్ చెయ్, ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వు అనడం ఈ దశలో తగదు.

6. తర్వాత నెలరోజులు

ఇక్కడే చాలామంది తప్పుగా చదువుతారు. మాట్లాడిన మర్నాటి నుంచి ఆ పేరు పూర్తిగా మాయమైతే «చూశావా, దాస్తున్నాడు» అనుకుంటారు. మీరు బాధపడ్డారని అతను నోరు కట్టుకుని ఉండొచ్చు. తేల్చుకోవాలంటే మీరే మామూలుగా కదపండి: «రిలీజ్ అయిపోయిందా? ప్రత్యూష వాళ్ళ భాగం కూడా అయిందా?» తేలిగ్గా జవాబొస్తే మౌనం మీ కోసమే.

మౌనంతో పాటు ఫోన్ బోర్లా పెట్టడం, చెప్పిన చోటు ఒకటీ ఉన్న చోటు మరొకటీ కావడం, క్యాబ్ టైములు కలవకపోవడం, మీతో ఉన్న చనువు హఠాత్తుగా తగ్గడం, ఇవన్నీ కలిసి వారాల తరబడి కనిపిస్తే ఇక తూచే దశ దాటింది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పెద్ద అర్థం ఇవ్వదు. అప్పుడు ఒక్క పేరు గురించి కాకుండా కనిపించినవన్నీ ముందు పెట్టి నేరుగా అడగాలి, ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి. ఆ తెల్లారే పుట్టింటికో, వాట్సాప్ గ్రూపుకో చెప్పకండి. మీరిద్దరూ సర్దుకున్నా వాళ్ళు మరిచిపోరు.

ఫోన్ దొంగచాటుగా వెతకడం ఎందుకు వద్దంటే, అందులో సందర్భం లేని ముక్కలే దొరుకుతాయి. «థాంక్స్ రా, యూ సేవ్డ్ మీ» అన్న మెసేజ్ ఆఫీసు పని గురించో కాదో స్క్రీన్ చెప్పదు. ఏమీ దొరక్కపోతే వెతుకులాట ఆగదు, డిలీట్ చేశారేమో అనిపిస్తుంది.

వివరాలన్నీ సరిపోయినా, ఆ మనిషి ఉద్యోగం మారి వెళ్ళిపోయినా మీ అనుమానం మరో పేరు మీదికి మారి, నిద్ర పట్టక, పనిలో మనసు నిలవక పోతుంటే అది మీ భాగస్వామి తీర్చగలిగిన విషయం కాదు. సైకియాట్రిస్ట్‌నో, సైకాలజిస్ట్‌నో కలవండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.