వానాకాలం జ్వరాలకు ముందే గ్రూప్ పాలసీలో చూసుకోవాల్సినవి

వానలు పడి నెల తిరక్కుండానే జ్వరాలు మొదలవుతాయి. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి జడ్చర్ల, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రైవేటు ఆస్పత్రుల్లో డెంగీ పేషెంట్లకు బెడ్ దొరకడమే కష్టం. పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు కంపెనీల్లోనో పనిచేసేవాళ్లలో చాలామందికి కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది. అడ్మిట్ అయ్యే రోజున మాత్రం అందరిదీ ఒకటే మాట: "అన్నా, కార్డు ఉంది కదా, మనం ఒక్క రూపాయి కూడా కట్టేది లేదు కదా?" కట్టాల్సింది ఉంటుంది. ఎంత కట్టాలో తేల్చేది ఎక్కువగా మనం తీసుకున్న గదే.

ముందు కార్డు సంగతి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థను టీపీఏ అంటారు. హెచ్ఆర్‌ను అడిగి ఆ టీపీఏ ఈ-కార్డు డౌన్‌లోడ్ చేసుకుని, ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక ఉంటుంది. భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉండటం మామూలే. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర ఫైలు ఆగిపోయేది ఇక్కడే. కొత్తగా పెళ్లయినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు పాలసీలో చెప్పిన గడువులోపే పేరు ఎక్కించుకోవాలి. చాలా పాలసీల్లో అది 30 రోజులే, దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. కొత్తగా చేరిన ఉద్యోగి పాలసీలో కొత్త పేర్లు చేర్చినట్టు ఇచ్చే ఎండార్స్‌మెంట్‌లో తన పేరు వచ్చిందో లేదో అడగాలి. కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందుగా జమచేసే సొమ్ము అయిపోతే, మెయిల్ పంపినా పేరు ఎక్కదు.

వెయిటింగ్ పీరియడ్ గురించి అనవసరంగా భయపడేవాళ్లే ఎక్కువ. సొంతంగా కొనుక్కున్న పాలసీలో మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప మిగతా జబ్బులకు క్లెయిమ్ ఉండదు. హెర్నియా, కంటిశుక్లం, మోకీలు మార్పిడి లాంటివాటికి మామూలుగా రెండేళ్లు, ముందునుంచే ఉన్న షుగర్, బీపీలకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. కంపెనీ పాలసీల్లో వీటిని చాలావరకు మాఫీ చేస్తారు, కాన్పుకు పెట్టే తొమ్మిది నెలల గడువుతో సహా. అయితే ఆ మాఫీ పాలసీ కాగితంలో రాసి ఉండాలి, హెచ్ఆర్ నోటిమాట చాలదు. అమ్మానాన్నలు పాలసీలో ఉంటే వాళ్లకు కో-పే ఉందేమో అదే కాగితంలో చూడండి. పది శాతం కో-పే అంటే, ఒప్పుకున్న క్లెయిమ్‌లో పదోవంతు మన జేబులోంచే పోతుంది.

ఇక జ్వరం దగ్గరికి వద్దాం. క్లెయిమ్ రావాలంటే కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి. డయాలసిస్, కంటిశుక్లం లాంటి డే-కేర్ చికిత్సలకే దీన్నుంచి మినహాయింపు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకుంటే ఆ ఖర్చు రాదు. పేరుకు ఆస్పత్రి అని బోర్డు ఉంటే సరిపోదు. అది ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే పది లక్షల లోపు జనాభా ఉన్న మన పట్టణాల్లో కనీసం పది బెడ్లు, రాత్రీపగలూ డాక్టరు, నర్సులు, ఆపరేషన్ థియేటర్, రోజువారీ రికార్డులు ఉండాలి. బస్టాండ్ దగ్గరి ఆరు బెడ్ల క్లినిక్‌లో చేరేముందు ఈ సంగతి గుర్తుండాలి.

డెంగీ క్లెయిమ్‌లు తిరస్కరించేటప్పుడు తరచూ వినిపించే కారణం "కేవలం పరీక్షల కోసమే చేరారు, ఇంటి దగ్గరే మందులు వాడితే సరిపోయేది" అని. అందుకే డెంగీని తేల్చే ఎన్ఎస్1, ఐజీఎం రక్తపరీక్షల రిపోర్టులతో పాటు, ఎందుకు చేర్చుకున్నారో కేస్ షీట్‌లో కనపడాలి. వాంతులు ఆగకపోవడం, బీపీ పడిపోవడం, ప్లేట్‌లెట్లు రోజురోజుకూ తగ్గడం, ఎక్కించిన ఐవీ మందులు, అన్నీ. లేనిది రాయించమని కాదు, ఉన్నది రాయకుండా వదిలేయొద్దని.

ఇప్పుడు గది లెక్క. ఒక ఉద్యోగికి మూడు లక్షల కవర్, గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం, అంటే 3,000 రూపాయలు అనుకుందాం. భార్యకు డెంగీ వచ్చి, 4,000 రూపాయల ఏసీ గదిలో ఐదు రోజులు ఉంచాడు. బిల్లు 65,000: గది 20,000, డాక్టర్ విజిట్లు వగైరా 16,000, మందులు 14,000, ల్యాబ్ పరీక్షలు 12,000, గ్లవ్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి 3,000.

గది తేడా ఐదు వేలు మనం కట్టుకుంటే అయిపోతుందనుకుంటాం. కానీ 4,000లో 3,000కే అర్హత ఉంది కాబట్టి డాక్టర్ విజిట్లకు కూడా ముప్పావు వంతే ఇస్తారు. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. అంటే గదికి 15,000, విజిట్లకు 12,000, మందులకు, ల్యాబ్‌కు పూర్తిగా 26,000, కలిపి 53,000. గ్లవ్స్, ఫీజుల మూడు వేలకు ఏమీ రాదు. ఉద్యోగి కట్టేది 12,000. అదే 3,000 గదిలో ఉంటే ఆ మూడు వేలతోనే పోయేది. పైగా ఆ ఆస్పత్రిలో చాలాసార్లు గది తగ్గితే విజిట్ రేటు కూడా తగ్గుతుంది.

మందులు, ఇంప్లాంట్లు, ల్యాబ్ పరీక్షల మీద ఈ కోత పెట్టకూడదు, ఐసీయూ చార్జీల మీదా పెట్టకూడదు. గదిని బట్టి రేట్లు మారని ఆస్పత్రిలో అసలు ఈ కోతే ఉండదు. టీపీఏ మొత్తం బిల్లు మీద కత్తెర వేస్తే ఊరుకోవద్దు, సెటిల్‌మెంట్ లెటర్ తెప్పించుకుని ఏ ఐటెం కింద ఎంత తగ్గించారో అడగండి. ఇంకొకటి, చాలా పాలసీల్లో నర్సింగ్ చార్జీ కూడా గది అద్దెలోనే కలుస్తుంది. 2,500 గదికి 800 నర్సింగ్ వేస్తే మీరు పరిమితి దాటినట్టే. అడ్మిషన్ కౌంటర్లో "నర్సింగ్‌తో కలిపి రోజుకెంత?" అని అడగాలి.

ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆస్పత్రయితే ఈ-కార్డు, ఆధార్ ఇచ్చి, క్యాష్‌లెస్‌కు ముందస్తు అనుమతి అడిగే ప్రీ-ఆథరైజేషన్ ఫారం పంపించమనండి. ఎమర్జెన్సీలో చేరితే 24 గంటల్లో, ముందే అనుకున్న ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల ముందే టీపీఏకు తెలపమని చాలా పాలసీలు అడుగుతాయి. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలి. డిశ్చార్జి రోజు సాయంత్రం దాకా కూర్చోబెడితే, ఫైలు నిజంగా ఎన్నింటికి అప్‌లోడ్ చేశారో ఆస్పత్రి డెస్క్‌నే ముందు అడగండి. ఆలస్యం తరచూ అక్కడే ఉంటుంది.

నెట్‌వర్క్ కాకపోతే డబ్బు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలి. క్లెయిమ్ ఫారంలో రెండో భాగం ఆస్పత్రి నింపి ముద్ర వేయాలి. ఇంటికొచ్చాక దానికోసం మళ్లీ తిరగడం కంటే డిశ్చార్జికి ముందే వేయించుకోవడం మేలు. డిశ్చార్జి సమ్మరీ, విడివిడిగా ఐటెంలు చూపే ఫైనల్ బిల్లు, రసీదులు, ప్రిస్క్రిప్షన్లతో మెడికల్ షాపు బిల్లులు, రిపోర్టులు, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేయాలి. పంపేముందు అన్నింటికీ ఫోటోలు తీసి పెట్టుకోండి. గడువు పాలసీని బట్టి డిశ్చార్జి తర్వాత 15 లేదా 30 రోజులు. చేరకముందు 30 రోజులు, వచ్చాక 60 రోజుల్లో అదే జబ్బుకు అయిన పరీక్షలు, మందుల ఖర్చు కూడా చాలా పాలసీలు ఇస్తాయి. ఆ బిల్లులు పారేసేవాళ్లే ఎక్కువ.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.