కరెంటు బిల్లు చదవడం – 3వ పాఠం: శ్లాబుల లెక్క

గత పాఠంలో మీటరు మీద kWh అంకె చూసి, పాత రీడింగు తీసేసి యూనిట్లు రాబట్టాం. ఆ యూనిట్లు రూపాయలుగా ఎలా మారతాయో ఇప్పుడు చూద్దాం. గోదావరి జిల్లాల్లో కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎల్. రేట్లు నిర్ణయించేది మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఇళ్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ఇది:

0–30 యూనిట్లు: రూ.1.90
31–75: రూ.3.00
76–125: రూ.4.50
126–225: రూ.6.00
226–400: రూ.8.75
400 పైన: రూ.9.75

లెక్క వేసే ముందు, మీ బిల్లు నెలకు ఇవే రేట్లు ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోండి.

అమలాపురం దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. మే నెల ఉక్కపోతకు ఫ్యాన్లు, కూలరు ఆగకుండా తిరిగాయి. పాత రీడింగు 4812, కొత్తది 5068. వాడకం 256 యూనిట్లు. ఈ యూనిట్లను ధాన్యం కొలిచినట్టు కింది గంప నుంచి నింపుకుంటూ పోవాలి. మొదటి గంపలో 30 పడతాయి, రూ.57. రెండో దాంట్లో 45, రూ.135. మూడో దాంట్లో 50, రూ.225. నాలుగో దాంట్లో 100, రూ.600. ఇప్పటికి 225 యూనిట్లు సర్దుకున్నాయి, రూ.1,017 అయింది. మిగిలిన 31 యూనిట్లే అయిదో గంపలోకి వెళ్తాయి: 31 × 8.75 = రూ.271.25. ఎనర్జీ ఛార్జీ మొత్తం రూ.1,288.25.

రెండో గంపలో 44 అని వేసేవాళ్లు చాలామంది. 75లోంచి 31 తీసేస్తే 44 వస్తుంది కానీ, 31వ యూనిట్ కూడా ఆ గంపలోదే. 75లోంచి 30 తీసేయాలి. మీ లెక్క బిల్లుతో రెండు మూడు రూపాయలు తేడా వస్తే ముందు ఇక్కడే వెతకండి.

ఇంకో పొరపాటు పెద్దది. 226 దాటింది కాబట్టి 256 యూనిట్లకూ రూ.8.75 పడిందనుకోవడం. అలా వేస్తే రూ.2,240 వస్తుంది, అసలుకంటే రూ.951.75 ఎక్కువ. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2022 మార్చి వరకు ఇళ్లను వాడకాన్ని బట్టి మూడు గ్రూపులుగా విడదీసేవారు. 75 గానీ 225 గానీ దాటితే ఇల్లు పై గ్రూపులోకి వెళ్లి, కింది యూనిట్ల రేటు కూడా మారిపోయేది. ఇప్పుడు ఆ గ్రూపులు లేవు. 225 నుంచి 226కు వెళ్తే ఎనర్జీ ఛార్జీలో పెరిగేది రూ.8.75 మాత్రమే.

దీనిపైన ఫిక్స్‌డ్ ఛార్జీ, కిలోవాటుకు నెలకు రూ.10. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు 2 కిలోవాట్లని ఉంటే రూ.20. ఇది వాడకంతో పనిలేకుండా పడుతుంది. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు, అంటే 256 యూనిట్లకు రూ.15.36. ఇక్కడికి రూ.1,323.61. కస్టమర్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, పాత బాకీ ఉంటే అదీ, ఇవి బిల్లులో విడివిడి వరసల్లో ఉంటాయి. అక్కడి అంకెలే తీసుకుని కలపండి. శ్లాబుల లెక్క కుదిరి మొత్తం కుదరలేదంటే తేడా ఈ వరసల్లోనే ఉంటుంది.

ఈ పట్టికతో అసలు ప్రయోజనం పొదుపు దగ్గర కనిపిస్తుంది. వాడకం తగ్గిస్తే ముందు ఖాళీ అయ్యేది పై గంప. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టారనుకోండి. తిరిగినంతసేపూ 45 వాట్లు మిగులుతుంది. రోజుకు 14 గంటలు, 30 రోజులు తిరిగితే సుమారు 19 యూనిట్లు. మన ఇంట్లో ఆ 19 యూనిట్లూ రూ.8.75 గంపలోవే, కాబట్టి ఎనర్జీ ఛార్జీలో రూ.166 దాకా తగ్గుతుంది. పక్కింట్లో నెలకు 110 యూనిట్లే వాడితే అదే ఫ్యాను, అదే 19 యూనిట్లు రూ.4.50 గంపలోంచి పోతాయి. తగ్గేది దాదాపు రూ.86. అందుకే ఫ్యాను ధర ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో లెక్కేసేటప్పుడు సగటు రేటు వాడకూడదు, మీ ఆఖరి యూనిట్ ఏ గంపలో ఉందో చూసి ఆ రేటే వాడాలి. వానలు పడి వాడకం 200కి దిగిన నెలలో ఆ ఆఖరి యూనిట్ రూ.6 గంపలోకి వచ్చేస్తుంది, పొదుపూ ఆ మేరకు తగ్గుతుంది.

అభ్యాసం: వాడకం 140 యూనిట్లు, లోడు 1 కిలోవాటు. ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం కలిపి ఎంత? (జవాబు: 507 + 10 + 8.40 = రూ.525.40.) మీకు రూ.850 దగ్గర వచ్చిందంటే 140 యూనిట్లకూ రూ.6 వేసేశారు. 126వ యూనిట్ నుంచి మళ్లీ లెక్కపెట్టండి.

వచ్చే పాఠం: ఇంధన సర్దుబాటు వరస.