సమ్మతి, వాఙ్మూలం, పునర్నిర్మాణం: తత్సమ పదాల్లో సున్న, విసర్గల సమస్య - పరిష్కారం

కడప, ప్రొద్దుటూరు ముద్రణాలయాలకు వచ్చే ఆహ్వాన పత్రికల్లోనూ, శిలాఫలకాల నకళ్లలోనూ, సావనీర్లలోనూ సంస్కృతం నుంచి వచ్చిన పదాల దగ్గర తప్పులు దొర్లే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే. సున్న పెట్టాలా, అనునాసికాన్ని ఒత్తుతో రాయాలా అనేది మొదటి చోటు. విసర్గను ఉంచాలా, మార్చాలా అనేది రెండవది. ఈ రెండింటిలోనూ తీర్పు చెప్పేది ఆ తరువాత వచ్చే అక్షరమే కాబట్టి, ప్రూఫు దిద్దేవారు సందేహం వచ్చిన పదంలో ముందుగా ఆ అక్షరాన్ని చూడాలి.

సమస్య: సంమతి, సంమానం, జంమ, వాంగ్మూలం

కారణం తెలియాలంటే సున్న చేసే పని తెలియాలి. క నుంచి మ వరకు ఉన్న వర్గాక్షరాల ముందు సున్నకు సొంత ధ్వని లేదు. అది తరువాతి అక్షరం ఏ వర్గానిదో ఆ వర్గపు అనునాసికంగా పలుకుతుంది. అంకంలో అది ఙ, పంచమిలో ఞ, కంఠంలో ణ, దంతంలో న, సంపదలో మ. పలుకుబడిలో సందేహం లేదు కాబట్టి అఙ్కం, పఞ్చమి, కణ్ఠం అని రాయవలసిన అవసరం తెలుగులో లేకపోయింది. ఒకప్పుడు అనునాసికాన్ని అక్షరంగానే చెక్కిన సందర్భాలున్నాయి: మన ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ శాసనంలో, అంటే క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే రాతలో, ‘రేనాణ్డు’ అని కనిపిస్తుంది. నేడు అదే రూపాన్ని ఎత్తి రాయవలసి వస్తే రేనాండు అని సున్నతో రాస్తాం. పలకడంలో రెండింటికీ తేడా లేదు. కాబట్టి ఇటువంటి చోట సున్నే రాయండి, పాత పుస్తకంలో ఒత్తు కనిపిస్తే దాన్ని తప్పని కొట్టివేయకండి.

చిక్కు వచ్చేది సున్న తరువాత న, మ వంటి అనునాసికమే వచ్చినప్పుడు. మకారం ముందు సున్న మ్ అని మాత్రమే పలకగలదు. కానీ జన్మలో మకారం ముందున్నది న్, షణ్ముఖుడిలో ణ్, వాఙ్మయంలో ఙ్. ఈ మూడింటినీ సున్న చూపించలేదు కాబట్టి అక్కడ ఒత్తు రాయక తప్పదు. మకారం ముందు మ్ ఉన్న చోట కూడా తెలుగులో సమ్మతి, సమ్మేళనం అనే రాస్తాం. సంస్కృత గ్రంథాల ముద్రణలో ‘సంమతి’ వంటి రూపం కనిపించవచ్చు. అది అక్కడి సంప్రదాయం, తెలుగు రాతకు దాన్ని తెచ్చుకోనక్కరలేదు. ఎందుకంటే తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒత్తు అర్థాన్ని కూడా నిలబెడుతుంది. సమ్ చేరిన సమ్మతి అంటే అంగీకారం. సత్ చేరిన సన్మతి అంటే మంచి బుద్ధి. సున్న పెడితే ఈ రెండింటిలో రచయిత ఏది ఉద్దేశించారో చెప్పే ఆధారం పోతుంది.

సవరించే పద్ధతి పదాన్ని విడదీయడమే. సత్ + మానం అయితే సన్మానం, సమ్ + మానం అయితే సమ్మానం; రెండూ గౌరవాన్ని చెప్పే మాటలే, రెండూ సరైనవే, తెలుగులో వాడుక మొదటిదానికి ఎక్కువ. జగత్ + నాథుడు జగన్నాథుడైనట్టు, షట్ + ముఖుడు షణ్ముఖుడైనట్టు, వర్గంలోని మొదటి అక్షరం తరువాత న, మలు వస్తే ఆ మొదటి అక్షరం తన వర్గపు అనునాసికంగా మారుతుంది. తెలుగు బడుల్లో దీన్ని అనునాసిక సంధి పేరుతోనే నేర్పుతారు.

అదే సూత్రంతో వాక్ + మూలం వాఙ్మూలం అవుతుంది. మరి పోలీసు వార్తల్లో నిత్యం చూసే ‘మరణ వాంగ్మూలం’ ఎలా వచ్చింది? ఙకారం చాలామందికి రాత అలవాటులో లేని అక్షరం. ఆ ధ్వనిని సున్నతో రాబట్టాలంటే సున్న తరువాత కవర్గాక్షరం ఒకటి ఉండాలి. అందుకని మూలంలో లేని గకారం ఒకటి వచ్చి చేరింది, చేరాక పలుకుబడిలోనూ స్థిరపడింది. ఈ రూపం వాడుకలో ఎంత పాతుకుపోయినా, సొంతంగా రాసే వ్యాసంలో వాఙ్మూలం, వాఙ్మయం అని రాయడమే సరి అని నా అభిప్రాయం. కోర్టు కాగితాన్ని ఉటంకించేటప్పుడు మాత్రం అందులో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. ‘వాజ్మయం’ అని వచ్చిందంటే అది వేరే జబ్బు: ఙను జగా చదివి కొట్టిన టైపు తప్పు. యూనికోడ్‌లో ఙ సంఖ్య U+0C19, జ సంఖ్య U+0C1C. తెర మీద అక్షరాన్ని పెద్దది చేసి చూస్తే తేడా దొరుకుతుంది.

సమస్య: సన్యమనం, సమ్యుక్త, సమ్వత్సరం

ఇది పై తప్పుకు తిరగేసిన రూపం. య, ర, ల, వ, శ, ష, స, హల ముందు సున్న ఒత్తుగా మారదు. ఈ అక్షరాలు ఏ వర్గానికీ చెందవు కాబట్టి సున్నకు తీసుకోవడానికి వర్గపు అనునాసికం దొరకదు, అది సున్నగానే నిలుస్తుంది: సంయమనం, సంయుక్త, సంరక్షణ, సంలాపం, సంవత్సరం, వంశం, హంస. తెలుగువారి నోట ఇది తరచూ మకారంలా వినిపిస్తుంది కాబట్టి చెవిని నమ్మి రాసేవారు సమ్వత్సరం అంటారు. సన్యాసి అనే మాటను చూసి అలవాటుపడినవారు సన్యమనం అంటారు. సన్న్యాసిలో ఉన్నది సమ్ + ని + ఆస కాబట్టి అక్కడి నకారం ‘ని’ నుంచి వచ్చింది; సంయమనంలో అటువంటి ‘ని’ లేదు.

అందువల్ల పరీక్ష ఇది: సమ్, స్వయమ్, కిమ్ వంటి మకారాంతం తరువాత కొత్త పదం మొదలైతే సున్న (స్వయంవరం, కింవదంతి), న్, మ్‌లు ఒకే పదంలోని సొంత అక్షరాలైతే ఒత్తు (రమ్యం, తామ్రం, కన్య). అన్వయంలో అను + అయ కలిసి వకారం పుట్టింది కాబట్టి అక్కడా ఒత్తే. ఈ పరీక్షకు లొంగని మాట సమ్రాట్టు. అది సమ్ చేరినదే అయినా పాణిని ప్రత్యేకంగా సూత్రం చెప్పి మకారాన్ని నిలిపాడు. సామ్రాజ్యం దాని నుంచి వచ్చినదే కనుక అక్కడ సున్న రాయకూడదు.

బ్రమ్హ, చిన్హం, మధ్యాన్హం అనే తప్పులూ వినికిడి వల్ల వచ్చేవే. ఇక్కడ హకారం ముందు, అనునాసికం దాని కింద: బ్రహ్మ, చిహ్నం, మధ్యాహ్నం. పగటిని చెప్పే ‘అహన్’లో హ ముందు, న తరువాత ఉన్నాయని గుర్తుంటే మధ్యాహ్నం దగ్గర తడబాటు ఉండదు. సింహం, సంహారం మాత్రం సున్న ముందున్న మాటలు.

సమస్య: పునఃనిర్మాణం, పునర్‌ప్రారంభం, అంతఃజాతీయం

సర్క్యులర్లలో, శంకుస్థాపన ఫలకాల మీద అన్నిటికంటె ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ‘పునః’ అనేదాన్ని మార్పులేని ముక్కగా భావించి ఏ మాట ముందైనా అతికించడం దీనికి కారణం. విసర్గ నిజానికి పదం చివరనున్న ర్ లేదా స్ వేసుకున్న రూపం. పునః, అంతః, ప్రాతః అనేవాటిలో దాగి ఉన్నది ర్. మనః, తపః, యశః, శిరః అనేవాటిలో దాగి ఉన్నది స్.

తరువాత అచ్చు గానీ, గ జ డ ద బలు, వాటి ఒత్తక్షరాలు, అనునాసికాలు, య ల వ హలు గానీ వస్తే దాగి ఉన్న రకారం బయటపడుతుంది: పునరావృతం, పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్విచారణ, అంతర్జాతీయం, అంతర్యుద్ధం. అదే హల్లుల ముందు మనః వర్గపు మాటల్లో ‘అః’ కాస్తా ఓకారమవుతుంది: మనోభావం, తపోవనం, శిరోమణి. అందుకే పునోజన్మ అని గానీ, మనర్భావం అని గానీ ఎవరూ అనరు. వ్యాకరణం తెలియకపోయినా చెవికి ఈ తేడా తెలుసు.

క, ఖ, ప, ఫల ముందు విసర్గ సాధారణంగా అలాగే ఉంటుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన, అంతఃకలహం, ప్రాతఃకాలం, మనఃపూర్వకం. కాబట్టి పునర్‌ప్రారంభం తప్పు. చ ముందు అది శ్, త ముందు స్ అవుతుంది: పునశ్చరణ, మనస్తాపం. నమస్కారం, పురస్కారం వంటి కొన్ని మాటల్లో క ముందు కూడా స్ వచ్చి స్థిరపడింది. నిః, దుఃల తరువాత క, పలు వస్తే ష్ వస్తుంది (నిష్కారణం, దుష్ప్రచారం). దుఃఖం ఒక్కటి విసర్గతోనే నిలిచింది.

శ, ష, సల ముందు రెండు రూపాలూ చెల్లుతాయి: నిఃశబ్దం, నిశ్శబ్దం. ఆ సకారానికి వెంటనే త, థ, ప, ఫల వంటి పరుషాక్షరం తగిలి ఉంటే విసర్గ లోపించినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. అందుకే దుస్థితి, మనస్ఫూర్తి అనేవి తప్పులు కావు. నిస్వార్థంలో సకారానికి తగిలింది వకారం కాబట్టి ఆ వెసులుబాటు అక్కడ వర్తించదు. నిస్స్వార్థం అనో నిఃస్వార్థం అనో రాయాలి.

సమస్య: చూడడానికి సరిగా ఉన్న దుఃఖం వెతికితే దొరకదు

దు:ఖం అని రెండు చుక్కల విరామచిహ్నం కొట్టి ఉంటారు. కంటికి రెండూ ఒకేలా ఉన్నా విసర్గ U+0C03, విరామచిహ్నం U+003A. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెతికే ఎడిటర్‌లో ఇలా పట్టవచ్చు:

```
([\u0C00-\u0C7F]):(?=[\u0C00-\u0C7F])
```

మార్పిడి గడిలో `$1ః` ఇవ్వండి. కానీ ‘తేదీ:సోమవారం’ అని ఖాళీ లేకుండా కొట్టినవి కూడా వలలో పడతాయి కాబట్టి అన్నీ ఒకేసారి మార్చకుండా ఒక్కొక్కటి చూసి మార్చాలి. సున్నకు బదులు తెలుగు అంకె ౦ (U+0C66) కొట్టిన చోట కూడా ఇదే విధంగా వెతుకులాట విఫలమవుతుంది.

ఒక ఆహ్వాన పత్రిక

మైదుకూరు వైపు ఒక ఊరి శివాలయం పత్రికలో వచ్చిన నకలు ఇది: ‘ఓం నమశివాయ. ఆలయ పున:నిర్మాణం, లింగ పునర్‌ప్రతిష్ఠ. బ్రమ్హశ్రీ పండితుల సమక్షంలో దాతలకు సంమానం. అందరూ అంత:కరణ శుద్ధితో విచ్చేయగలరు.’

పున:నిర్మాణంలో రెండు తప్పులున్నాయి: చుక్కలు విసర్గ కావు, పైగా నకారం ముందు విసర్గ నిలవదు, పునర్నిర్మాణం అవుతుంది. ప్రతిష్ఠ పకారంతో మొదలవుతుంది కాబట్టి అక్కడ విసర్గే కావాలి, పునఃప్రతిష్ఠ. ఒకే వాక్యంలో ఒకదానికి ర్, ఒకదానికి విసర్గ రావడం చూసి పత్రిక వేయించేవారు అభ్యంతరం చెబితే, న, పలను వేలితో చూపించి చెప్పవచ్చు. బ్రమ్హశ్రీ బ్రహ్మశ్రీ అవుతుంది, సంమానం సన్మానం అవుతుంది. అంత:కరణలో కకారం ముందు విసర్గ సరైనదే, చుక్కలను మాత్రం మార్చి అంతఃకరణ అని రాయాలి. నమశివాయలో విసర్గ పూర్తిగా పోయింది. శకారానికి తగిలి పరుషాక్షరం లేదు కాబట్టి లోపానికి అవకాశం లేదు. నమఃశివాయ, నమశ్శివాయ రెండూ సాధువులే అయినా, పత్రిక పైభాగంలో ఒకటి, కవరు మీద మరొకటి పడకుండా ఏదో ఒకదాన్ని ఎంచుకుని అంతటా అదే ఉంచాలి.