పగడపు దిబ్బల చేపలో విషం ఉంటే ఉడికించినా పోదు

పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద బారకుడా, గ్రూపర్, మోరే ఈల్ ఎంత తాజాగా ఉన్నా తినకండి. అక్కడి నాచు మీద బతికే గాంబియర్‌డిస్కస్ అనే సూక్ష్మజీవి విషం చిన్న చేపల్లోకి, వాటిని తినే పెద్ద చేపల్లోకి చేరి పేరుకుంటుంది. వేడికి చచ్చిపోవడానికి అది బ్యాక్టీరియా కాదు, వంట వేడికి చెక్కుచెదరని రసాయనం. అందుకే వేయించినా, ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా అలాగే ఉంటుంది. రుచి, వాసన కూడా మారవు. తల, కాలేయం, గుడ్లలో మరీ ఎక్కువ.

తిన్న కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలతో పాటు పెదాలు తిమ్మిరెక్కితే, చల్లటి నీళ్లు తాకినా కాలినట్టు మంట పుడితే అది ఈ విషం వల్ల వచ్చే సిగ్వాటెరా అనే జబ్బు కావచ్చు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ చేప తిన్నారో చెప్పండి. మిగిలిన ముక్క పారేయకండి, పరీక్షకు పనికొస్తుంది.