గొంతులో ఉండ అడ్డం పడినట్టుంటే ముందు అన్నం దిగుతోందో లేదో చూడండి

సమస్య: గొంతులో ఏదో ఉండలా ఉంటుంది, గుటక వేస్తే కిందికి దిగదు, దగ్గితే పైకి రాదు.

మా బావకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మొన్న ఎండాకాలం తెల్లవారుజామున కరెంటు పోయి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయి, జనరేటర్ పట్టేసరికి ఆలస్యమైంది, రొయ్యలు పోతాయేమోనని హడలిపోయాడు. ఆ రోజు నుంచి గొంతులో ఉండ. ముందురోజు చేపల పులుసు తిన్నాడు కాబట్టి ముల్లే అన్నాడు, మా అక్క ఉత్త అన్నం ముద్దలు మింగించింది (నిజంగా ముల్లుంటే ఇలా చేయకూడదు, ఇంకా లోపలికి దిగబడొచ్చు). ముల్లయితే తింటుండగానే గుచ్చుకుంటుంది, ఒకే చోట పొడుస్తుంది, తిన్నప్పుడల్లా ఎక్కువవుతుంది. ఈయనకేమో పెసరట్టు హాయిగా దిగిపోతోంది, చెరువు గట్టు మీద ఖాళీగా కూర్చుని ఉమ్మి మింగినప్పుడే ఉండ తగులుతోంది.

కారణం: అన్నవాహిక మొదట్లో ఒక కండరం ఉంటుంది, మామూలుగా మూసుకునే ఉండి గుటక వేసినప్పుడు తెరుచుకుంటుంది. టెన్షన్‌లో అది ఇంకా బిగుస్తుంది, ఆ బిగువే ఉండలా తెలుస్తుంది. పైగా నోరు ఎండిపోతుంది. కావాలంటే వరసగా ఐదారు సార్లు ఉత్త గుటకలు వేసి చూడండి, ఏ కంగారూ లేనివాళ్లకి కూడా గుటక పడదు. బావ రోజంతా చేసింది అదే, ఉండ పోయిందా లేదా అని మింగి మింగి చూసుకోవడం. డాక్టర్లు దీన్ని గ్లోబస్ అంటారు. పులితేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లలో ఎసిడిటీ కూడా దీన్ని పెంచుతుంది.

ఏం చేయాలి: ఉత్త గుటకలు, గొంతు సవరించుకోవడం ఆపండి. మింగాలనిపిస్తే పక్కన పెట్టుకున్న గోరువెచ్చని నీళ్లు ఒక్క గుక్క తాగండి. దవడ వదులుగా వదిలి, ముక్కుతో గాలి పీల్చి, వేడి టీ ఊదినంత నెమ్మదిగా నోటితో వదలండి, ఐదు నిమిషాలు. ఆవులింత వస్తే ఆపుకోకండి, గొంతు వదులయ్యేది అప్పుడే. రాత్రి తినగానే పడుకోకండి. ఇది ఒక్కరోజులో పోదు, వారాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది, బావకైతే పంట పట్టేదాకా ఉంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు: అన్నం నిజంగానే అడ్డం పడుతున్నా, మొదట గట్టివి, తర్వాత నీళ్లు కూడా దిగకపోతున్నా, మింగితే నొప్పి, బరువు తగ్గడం, మెడ మీద గడ్డ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, ఒకవైపే నొప్పి, తరచూ పొలమారడం, ఉమ్మిలో రక్తం, వీటిలో ఏది ఉన్నా టెన్షనే అని సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీకి చూపించండి. చుట్టలు, గుట్కా, మందు అలవాటున్నవాళ్లయితే అసలు ఆలస్యం చేయకండి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, పెదాలు, నాలుక వాస్తున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

బావని కూడా ఈఎన్‌టీకి చూపించాం. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూశారు, ముల్లూ లేదు, గడ్డా లేదు. బయటికొచ్చి రెండు ఇడ్లీలు తిన్నాక "ఇప్పుడు తెలీట్లేదు" అన్నాడు.