మార్చి ముగిసేలోగా ప్రకటనల ఏజెన్సీ బిల్లులు ఇలా సరిచూడండి

బడ్జెట్‌కు కాదు, అయిన ఖర్చుకే డబ్బు కట్టండి. ఎక్కువ నష్టం ఇక్కడే. కర్నూలులో ఒక బట్టల దుకాణం దసరా ప్రకటనలకు లక్ష రూపాయలు అనుకుంది. మెటా నివేదికలో Amount spent 82,400 మాత్రమే. ఏజెన్సీ మాత్రం లక్షకే బిల్లు వేసి, దానిపై 15 శాతం ఫీజు కలిపింది. ప్రకటనల పద్దులో 17,600, ఫీజులో 2,640, ఈ రెండింటిపై 18 శాతం జీఎస్టీ 3,643. మొత్తం 23,883 రూపాయలు అదనం. బిల్లులో అంకె మరీ గుండ్రంగా కనిపిస్తే నాకు అనుమానమే.

నివేదికను మీ లాగిన్‌తోనే దించుకోండి. ఏజెన్సీ పంపే ఎక్సెల్‌లో అంకెలు ఎవరైనా మార్చవచ్చు.

ఫీజు శాతాన్ని పన్ను కలపని ఖర్చుపైనే లెక్కించారా చూడండి. లక్షకు బదులు 1,18,000పై 15 శాతం వేస్తే 2,700 ఎక్కువ పడుతుంది. ఒప్పందంలో ఏమని రాసుకున్నారో ముందు చదవండి.

గూగుల్ బిల్లింగ్ పేజీ కూడా తెరవండి. చెల్లని క్లిక్కులకు వెనక్కి ఇచ్చిన మొత్తం అక్కడ కనిపిస్తుంది, అది మీ బిల్లులోనూ తగ్గాలి.

బిల్లుపై మీ జీఎస్టీ నంబరు ఉండాలి. లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది.