చూసి చెప్పడం, 4వ పాఠం: చెక్కు నోటీసు మళ్లీ మొదటినుంచి

పోయిన పాఠం చివర ఇచ్చిన ఇంగ్లీషు చెక్ బౌన్స్ నోటీసును చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పి పంపిన రికార్డింగులన్నీ విన్నాను. మాట తెలియక ఆగిపోయినవాళ్లు తక్కువ. వాక్యం ఎత్తుకుని, దాన్ని ఎక్కడ దింపాలో తెలియక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఈసారి చెబుతానన్న ఆస్పత్రి కాగితాలను వచ్చే పాఠానికి జరిపి, అదే నోటీసు మీద మళ్లీ కూర్చుందాం.

దాదాపు అందరూ రెండో పేరాలో తడబడ్డారు. ఇంగ్లీషులో దాని వరుస ఇది: 'ద చెక్ బేరింగ్ నంబర్ 004512', ఆ వెంటనే తేదీ, ఆ వెంటనే ఏ బ్యాంకుదో, 'ఇష్యూడ్ బై యూ', ఎందుకోసం ఇచ్చారో, 'వెన్ ప్రెజెంటెడ్ బై మై క్లయింట్', అప్పుడు చిట్టచివర 'వాజ్ రిటర్న్‌డ్ అన్‌పెయిడ్', దాని వెంట తిరిగొచ్చిన తేదీ, బ్యాంకు చెప్పిన కారణం. ఇంగ్లీషులో చెక్కు ముందొస్తుంది, దాని వివరాలు వెనక తోకలా వస్తాయి. తెలుగులో వివరాలన్నీ ముందు రావాలి, చెక్కు వాటి వెనక రావాలి. అందుకని మీలో చాలామంది ఇలా ఎత్తుకున్నారు: "12 మార్చి 2024 తేదీ గల, ఫలానా బ్యాంకుకు చెందిన, చట్టరీత్యా రావలసిన బాకీ నిమిత్తం మీచే జారీ చేయబడిన, నా క్లయింటుచే సమర్పించబడిన..." వినేవాళ్లకు ఇప్పటిదాకా దేని గురించి చెబుతున్నారో తెలియదు. చెప్పేవాళ్లకు కూడా ఊపిరి అయిపోయింది.

దీనికి మందు ఒకటే. ముందు చెక్కును ఒక చిన్న వాక్యంలో నిలబెట్టండి, తర్వాత ఒక్కో వివరానికి ఒక్కో వాక్యం ఇవ్వండి.

"మీరు నా క్లయింటుకు ఒక చెక్కు ఇచ్చారు. దాని నంబరు సున్నా సున్నా నాలుగు, అయిదు ఒకటి రెండు. తేదీ 2024 మార్చి 12. అది ఫలానా బ్యాంకు చెక్కు. చట్టరీత్యా మీరు తీర్చాల్సిన బాకీ కింద ఇచ్చారు. నా క్లయింటు దాన్ని తన బ్యాంకులో వేశారు. మార్చి 18న డబ్బు రాకుండానే చెక్కు తిరిగొచ్చింది. 'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్', అంటే ఖాతాలో సరిపడా డబ్బు లేదని బ్యాంకు మెమోలో ఉంది."

ఎనిమిది వాక్యాలయ్యాయి. ఒక్క వివరమూ పోలేదు, ఒక్కటీ కొత్తగా చేరలేదు. 'జారీ చేయబడిన' బదులు 'మీరు ఇచ్చారు' అంటే అర్థం మారదు, ఎవరు చేశారో ఇంకా తేటగా వినబడుతుంది. 'బడు' క్రియలు నోట్లోకి వచ్చాయంటే కళ్లు ఇంగ్లీషు వరుసలోనే నడుస్తున్నాయని గుర్తు.

ఇలా కోయాలంటే ఎక్కడ కోయాలో నోరు తెరవకముందే తెలియాలి. కాగితం చేతికి రాగానే మొదటి నిమిషం నిమిషంన్నర పెన్సిలుకే ఇవ్వండి. ప్రతి వాక్యంలో అసలు క్రియ కింద గీత, ఆ పని చేసేది ఎవరో ఆ మాట చుట్టూ సున్నా, కోయాల్సిన చోట అడ్డగీత. అంతే. తెలుగు మాటలు పైన రాసుకోవద్దు. రాసుకుంటే చెప్పేటప్పుడు కన్ను ఆ మాటల మీదే ఆగుతుంది, మిగతా వాక్యం జారిపోతుంది. కాగితం మీద గీయకూడని చోట, అంటే అసలు నోటీసే చేతిలో ఉన్నప్పుడు, ఎడమచేతి వేలును క్రియ మీద పెట్టుకుంటూ దిగండి.

ఇప్పుడు నోటీసు చివరి పేరా. ఇక్కడ జరిగిన పొరపాటు నత్తి కాదు, తడబాటు కాదు. ధారాళంగా చెబుతూనే తప్పు చెప్పారు. అందుకే దీన్ని వదలను.

ఇంగ్లీషు పాఠం: 'యూ ఆర్ హియర్‌బై కాల్డ్ అపాన్ టు పే' అని మొదలై, రెండు లక్షల నలభై వేలు, నోటీసు అందిన తేదీ నుంచి 15 రోజుల్లోగా, ఆపైన 'ఫెయిలింగ్ విచ్', అటు తర్వాత 138 సెక్షన్ కింద చర్య. చాలామంది చెప్పింది: "15 రోజుల్లోగా రెండు లక్షల నలభై వేలు చెల్లించకపోతే నా క్లయింటు మీ మీద కేసు వేస్తారు." వినడానికి బాగుంది. కానీ డబ్బు కట్టమన్న మాటే మాయమైంది. బెదిరింపు మిగిలింది, అడగడం పోయింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఈ నోటీసు ఉన్నదే డబ్బు కట్టమని అడగడానికి. ఆ వాక్యం విడిగా వినబడి తీరాలి: "నోటీసు మీకు అందిన రోజు నుంచి 15 రోజుల్లోగా రెండు లక్షల నలభై వేల రూపాయలు చెల్లించమని ఈ నోటీసు ద్వారా మిమ్మల్ని కోరుతున్నాను. అలా చెల్లించని పక్షంలో నా క్లయింటు మీ మీద 138 సెక్షన్ కింద చర్య తీసుకోక తప్పదు."

'ఫెయిలింగ్ విచ్' కనబడగానే దాని ముందు చుక్క పెట్టేయండి. 'అలా చేయని పక్షంలో' అని కొత్త వాక్యం ఎత్తుకోండి.

దీనికి అన్నలాంటిది 'అన్‌లెస్'. నిఘంటువులో 'తప్ప' అని ఉంటుంది, అందరూ దాన్నే పట్టుకుంటారు. రికార్డింగుల్లో పదే పదే వినబడిన వాక్యం: "మీరు చెల్లిస్తే తప్ప కేసు వేస్తారు." తెలుగులో ఇది వాక్యమే కాదు. 'చేస్తే తప్ప' అన్నాక రెండో సగం కాదనే మాటతోనే ముగియాలి. "అడిగితే తప్ప చెప్పడు", "వాన పడితే తప్ప నాట్లు వేయరు". కోర్టు కాగితంలో 'సరైన కారణం చూపితే తప్ప వాయిదా ఇవ్వరు' అన్నది సరిగ్గా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషులోనూ 'నో అడ్జర్న్‌మెంట్' అని లేదనే మాట ఉంది. 'అన్‌లెస్ యూ పే, మై క్లయింట్ విల్ ఫైల్' అన్నచోట రెండో సగం అవునంటోంది. అక్కడ 'తప్ప' పెడితే మధ్యలో చిక్కుకుని కొందరు వాక్యాన్ని కాపాడుకోవడానికి "కేసు వేయరు" అని ముగించారు. "మీరు చెల్లిస్తే తప్ప కేసు వేయరు" అంటే డబ్బు కడితేనే కేసు పెడతారని! నోటీసును నిలువునా తలకిందులు చేశారు.

చిక్కేమిటంటే, 'అన్‌లెస్' వాక్యం మొదట్లో వస్తే రెండో సగం అవునంటుందో కాదంటుందో చూపు అక్కడిదాకా వెళ్లకముందే నోరు మొదలైపోతుంది. నేను వాడే దగ్గరిదారి: చూసి చెప్పేటప్పుడు 'తప్ప' జోలికే పోను. ఎప్పుడూ 'కపోతే'. "చెల్లించకపోతే కేసు వేస్తారు." "కారణం చూపకపోతే వాయిదా ఇవ్వరు." రెండో సగం ఎటు తిరిగినా వాక్యం నిలబడుతుంది. రాసే అనువాదంలో మీ ఇష్టం.

ఇదే పేరాలో ఇంకొక్కటి. 'నోటీసు అందిన తేదీ' అన్నదాన్ని కొందరు 'నోటీసు తేదీ' అన్నారు. నోటీసు ఏప్రిల్ 1న రాసి ఏప్రిల్ 6న అందితే, ఈ ఒక్క మాటతో అయిదు రోజులు పోతాయి. ఇంకొందరు మేలు చేద్దామని లెక్క కట్టి, ఫలానా తేదీలోగా అని చెప్పారు. ఆ తేదీ కాగితంలో లేదు, మీరు చెప్పకూడదు. గడువు ఎప్పటికో వినేవాళ్లు అడిగితే వాళ్ల వకీలును అడగమనండి.

వేగం సంగతి. అమెరికాలో రాష్ట్ర కోర్టుల దుబాసీ పరీక్షలో సుమారు 225 మాటల కాగితానికి ఆరు నిమిషాలిస్తారు, కాగితం చూసుకునే సమయమూ అందులోనే. మన నోటీసు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి ఆ కొలత పెట్టుకుందాం: నిమిషంన్నర పెన్సిలుకు, నాలుగు నిమిషాలు చెప్పడానికి, మిగిలిన అర నిమిషం దిద్దుబాటుకు. నిమిషానికి ఎన్ని తెలుగు మాటలు అని లెక్కపెట్టుకోవద్దు. 'చెల్లించకపోయినట్లయితే' అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషుకు నాలుగు. గడియారం చాలు.

అసలు చూసుకోవాల్సింది ఎక్కడ ఆగారన్నది. వాక్యం అయ్యాక రెండు సెకన్లు ఆగినా వినేవాళ్లు పట్టించుకోరు, అది వాళ్లకు ఊపిరి. వాక్యం నడుమ ఒక్క సెకను ఆగి "అంటే... అంటే..." అన్నారా, మీకు తెలియదని వాళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఆ రెండు సెకన్లలో కళ్లు తర్వాతి వాక్యం క్రియ దగ్గరికి వెళ్లాలి. చెప్పేది కోయడం వల్ల ఇన్ని చుక్కలు దొరికాయి, ప్రతి చుక్కా చూడటానికి మీకు దొరికిన సమయం. అంకెల దగ్గర మాత్రం వేగం సగానికి తగ్గించండి. చెక్కు నంబరు విడివిడిగా, మొత్తం లక్షల్లో, తేదీ నెల పేరుతో.

ఇక తెలియని మాటలు. ఈ నోటీసులో మూడు రకాలు దొరుకుతాయి. వినేవాళ్ల నోట్లో ఇప్పటికే ఉన్నవి: చెక్కు, క్లయింటు, నోటీసు, సెక్షన్. వీటిని అలాగే ఉంచండి. 'కక్షిదారు' అంటే చాలామందికి మళ్లీ చెప్పాలి. రెండోవి, తెలిసినట్టే కనబడి మోసం చేసేవి. 'డిశ్చార్జ్' అంటే ఇక్కడ బాకీ తీర్చడం, ఆస్పత్రిలో చెప్పే డిశ్చార్జ్ కాదు. 'హుండీ' అని ఉంటే అది వ్యాపారుల మధ్య నడిచే చెల్లింపు పత్రం, గుళ్లో హుండీ కాదు. మూడోవి, తెలుగులో సిద్ధంగా మాట లేనివి. 'వితౌట్ ప్రెజుడిస్' అన్నచోట అది చేసే పని చెప్పండి: "నా క్లయింటుకున్న మిగతా హక్కులేవీ వదులుకోకుండా". ఒక్క గుక్కలో చెప్పగలిగితేనే ఇలా విప్పండి. అంతకన్నా పొడవైతే అది పాఠమవుతుంది, అనువాదం కాదు.

ఏ రకమూ కాక, బొత్తిగా తెలియని మాట ఎదురైతే దాన్ని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు పలకండి. "ఈ మాటకు అర్థం నాకు తెలియదు, ఇక్కడ గుర్తు పెడుతున్నాను, వకీలును అడగండి" అని చెప్పి ముందుకు వెళ్లండి. దాటేసిన మాట ఎక్కడుందో వినేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

అభ్యాసం: అదే నోటీసును నాలుగుసార్లు రికార్డు చేయండి. మొదటిసారి పెన్సిలుతో, ఆరు నిమిషాల్లో. రెండోసారి గీతలు లేని కొత్త ప్రతితో. మూడోసారి చివరి పేరా నుంచి మొదటి పేరాకు, ఒక్కో పేరా తలకిందుల వరుసలో, జ్ఞాపకం మీద ఆధారపడకుండా. నాలుగోసారి ఇంగ్లీషు రాని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి. చెప్పాక వాళ్లను మూడే అడగండి: ఎంత కట్టాలి, ఎప్పటినుంచి ఎన్ని రోజుల్లో కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది. రికార్డింగులతో పాటు వాళ్లు చెప్పిన జవాబులు మాటకు మాట రాసి పంపండి. వాళ్లు తప్పు చెప్పిన చోట మీ రికార్డింగులో ఏ వాక్యముందో అదీ రాసి, దాని కింద గీత గీసి పంపండి.